చెక్కు బౌన్స్ అయి నెల దాటింది, 60 వేలు మాత్రం ఇచ్చాడు. ఇప్పుడు కేసు వేయొచ్చా?

బత్తాయి తోట | 26 సెప్టెంబర్ 2025

అందరికీ నమస్కారం. మాది గుర్రంపోడు దగ్గర ఊరు, నల్గొండ జిల్లా. మా నాన్న ఈ ఏడు బత్తాయి కాయ 18 టన్నులు ఒక వ్యాపారికి అమ్మాడు. టన్ను 20 వేల లెక్కన 3 లక్షల 60 వేలు. వ్యాపారిది హైదరాబాద్. నాన్న పేరు మీద ఆగస్టు 5 తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. ఆయన ఆగమంటే ఆగి ఆగస్టు 18న నల్గొండలో నాన్న ఖాతాలో వేశాం. ఖాతాలో డబ్బుల్లేవని తిరిగొచ్చింది. 20న బ్యాంకులో మెమో తీసుకున్నాం.

ఫోన్ చేస్తే "దసరా దాకా ఆగండి, మళ్లీ వేద్దురు" అన్నాడు. సెప్టెంబర్ 10న 60 వేలు ఫోన్‌పే చేశాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. నోటీసు 30 రోజుల్లో పంపాలని నిన్న మా బాబాయి చెప్పాడు. మేం ఏ నోటీసూ పంపలేదు. చెక్కు మా దగ్గరే ఉంది. కేసు చేయి దాటిపోయినట్టేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

గంజ్ మల్లన్న | 26 సెప్టెంబర్

తమ్ముడూ, సూర్యాపేట మార్కెట్‌లో నాది కమీషన్ దుకాణం. ఇలాంటి చెక్కులు బోలెడు చూశాను. మెమో వచ్చిన 30 రోజుల్లో లీగల్ నోటీసు పోవాలి. నీకు సెప్టెంబర్ 19తోనే అయిపోయింది. ఇక చెక్కు కేసు లేదు. పోలీస్ స్టేషన్‌కు పోయి 420 పెట్టు, వాళ్లు పిలిచి కూర్చోబెడితే అతనే కడతాడు. ఒకవేళ కోర్టుకే పోవాలన్నా అతని బ్యాంకు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి కేసు అక్కడే వేయాలి. నల్గొండలో తీసుకోరు.

పాత క్యాషియర్ | 26 సెప్టెంబర్

మల్లన్న గారు లెక్క సరిగానే కట్టారు, కానీ అది మొదటిసారి తిరిగొచ్చిన దానికి. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల వరకు దాన్ని ఎన్నిసార్లైనా బ్యాంకులో వేయొచ్చు. మిర్యాలగూడలో బ్రాంచిలో పని చేసినప్పుడు మిల్లుల వాళ్ల చెక్కులు రెండు మూడుసార్లు రావడం మాకు మామూలే. ఆగస్టు 5 నాటి చెక్కంటే నవంబర్ 4 లోపు వేసుకోవాలి. ఆఖరు రోజు దాకా మాత్రం పోవద్దు, నవంబర్ 5 కార్తీక పౌర్ణమి, సెలవు కూడా. మళ్లీ తిరిగొస్తే కొత్త మెమో ఇస్తారు. ఆ మెమో నుంచి 30 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్క.

కోర్టుగుమ్మం | 26 సెప్టెంబర్

క్యాషియర్ గారు చెప్పింది నిజం. నేను నల్గొండ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను, చాలా వరకు ఈ సెక్షన్ 138 కేసులే. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు నోటీసు ఇవ్వకపోతే హక్కు పోతుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు. 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి అలాగే ఉండేది కూడా. 2012లో ఎమ్మెస్సార్ లెదర్స్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి దాన్ని పక్కన పెట్టింది. చెక్కు చెల్లుబాటులో ఉన్నంతకాలం మళ్లీ వేసి, మళ్లీ తిరిగొస్తే అప్పుడు నోటీసు ఇచ్చి కేసు వేయొచ్చు.

మల్లన్న గారూ, పోలీసుల విషయం. సెక్షన్ 138కి ఎఫ్ఐఆర్ ఉండదు. చెక్కు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 420 ఇప్పుడు కొత్త చట్టంలో 318కి మారింది. అది నిలవాలంటే కాయ కొన్న రోజే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉందని చూపాలి. 60 వేలు కట్టిన మనిషి మీద అది చూపడం కష్టం. హైదరాబాద్ సంగతికొస్తే, 2014లో వచ్చిన ఒక తీర్పు వల్ల కొన్నాళ్లు మీరన్నట్టే ఉండేది. 2015లో చట్టాన్ని సవరించారు. చెక్కును ఏ ఖాతాలో వేస్తే ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు. వాళ్ల నాన్న ఖాతా నల్గొండలో ఉంది, కాబట్టి కేసు నల్గొండలోనే.

అయితే బత్తాయి తోట తమ్ముడూ, ఆ చెక్కును అలాగే తీసుకెళ్లి బ్యాంకులో వేయకు. నువ్వు రాసిన దాంట్లో అసలు చిక్కు 30 రోజులు కాదు, ఆ 60 వేలు. రాత్రికి వివరంగా రాస్తాను.

బత్తాయి తోట | 26 సెప్టెంబర్

మేడం, డబ్బులు తీసుకోవడం తప్పా? ఆయన ఇచ్చిందే మిగిలిందని నాన్న అనుకున్నాడు.

కోర్టుగుమ్మం | 26 సెప్టెంబర్, రాత్రి

తీసుకోవడంలో తప్పేం లేదు. ఎవరైనా తీసుకుంటారు. సంగతి ఏమిటంటే, చెక్కు బ్యాంకులో వేసే రోజుకు నిజంగా ఎంత బాకీ ఉందో చట్టం చూసేది దాన్ని. సెప్టెంబర్ 10 తర్వాత మీకు రావాల్సింది 3 లక్షలు. చెక్కు మీద ఉన్నది 3 లక్షల 60 వేలు. ఇప్పుడు దాన్నే వేస్తే, లేని బాకీ 60 వేలు కూడా అడిగినట్టు అవుతుంది. 2022లో గుజరాత్ నుంచి వెళ్లిన దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము ముట్టి, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, అది తిరిగొచ్చినా 138 కింద నేరం కాదు. అవతలి వకీలు మొదట పట్టుకునేది ఇదే. ఫోన్‌పే రికార్డు అతని దగ్గర ఉంటుంది, మనం కాదనలేం.

దీనికి రెండు దారులున్నాయి. చెక్కు మీదే "ఇందులో 60,000 సెప్టెంబర్ 10న ముట్టింది" అని రాసి మిగతా 3 లక్షలకు వేయడం ఒకటి. అదే చట్టంలో సెక్షన్ 56 దీనికి వీలిస్తుంది. రెండోది, అతని దగ్గర 3 లక్షలకు కొత్త చెక్కు తీసుకుని పాతది ఇచ్చేయడం.

పాత క్యాషియర్ | 27 సెప్టెంబర్

మొదటి దారి చట్టంలో ఉంది గానీ బ్యాంకు కౌంటర్‌లో తిప్పలు పెడుతుంది. ఇప్పుడు చెక్కు కాగితం ఎటూ పోదు, దాని ఫొటో మాత్రమే క్లియరింగ్‌కు పోతుంది. అంకెల్లో, అక్షరాల్లో 3 లక్షల 60 వేలు ఉండి, పక్కన 3 లక్షలకు అని చేతిరాత ఉంటే చాలా బ్రాంచుల్లో తీసుకోరు. తీసుకున్నా వేరే కారణం రాసి వెనక్కి పంపే ప్రమాదం ఉంది. మీకు కావాల్సింది మెమో మీద "ఫండ్స్ ఇన్‌సఫిషియంట్" అనే మాట. కొత్త చెక్కు దొరికితే అదే తీసుకోండి.

దేవరకొండ టీచర్ | 27 సెప్టెంబర్

మేడం గారూ, ఎగ్గొట్టేవాడు కొత్త చెక్కు ఎందుకిస్తాడు? అడగడానికి పోతే ఇంకో నెల తిప్పుతాడు. ఈలోపు నవంబర్ 4 దాటితే చేతిలో ఏమీ ఉండదు.

కోర్టుగుమ్మం | 27 సెప్టెంబర్

అందుకే అడగడానికి ఒక గడువు పెట్టుకోవాలి. దసరా వెళ్లిన వారంలో ఇవ్వకపోతే, చెక్కు మీద ముట్టిన సొమ్ము రాసి, బ్రాంచి మేనేజర్‌కు ఒక లెటర్ జత చేసి వేద్దాం. ఇలాంటి వ్యాపారులు తరచూ కొత్త చెక్కు ఇస్తూనే ఉంటారు. ఇంకొన్నాళ్లు గడువు దొరికిందని వాళ్ల లెక్క.

ఇంకో మాట. చెక్కు మీ నాన్న పేరు మీద ఉంది. నోటీసు ఆయన తరఫునే పోవాలి, ఫిర్యాదు మీద సంతకమూ ఆయనదే. నువ్వు తిరగొచ్చు, కానీ ఫిర్యాదుదారు నువ్వు కాదు.

పాలమూరు 509 | 28 సెప్టెంబర్

మేడం, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది ఇంచుమించు ఇదే, కాకపోతే నేను అవతలి వైపు. జడ్చర్లలో ఒక ఫైనాన్స్ ఆయన దగ్గర 2 లక్షలు అప్పు తీసుకున్నప్పుడు సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చాను. లక్షా 20 వేలు ఫోన్‌పేలో కట్టాను. ఇంకొంత చేతికిచ్చాను, రసీదు లేదు. ఇప్పుడు ఆయన చెక్కు మీద 5 లక్షలు రాసుకుని బౌన్స్ చేయించి నోటీసు పంపాడు. ఖాళీ చెక్కు చెల్లదు కదా? నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపితే కేసు పడదని మా ఫ్రెండ్ అన్నాడు.

గంజ్ మల్లన్న | 28 సెప్టెంబర్

20 వేలు దాటి నగదు అప్పు ఇస్తే అది అక్రమమని కేరళ కోర్టు చెప్పింది తమ్ముడూ. వాట్సాప్‌లో చూశాను. అతని కేసే నిలవదు.

కోర్టుగుమ్మం | 28 సెప్టెంబర్

కేరళ హైకోర్టు ఈ ఏడాది జూన్‌లో అలా చెప్పిన మాట నిజమే. కానీ ఈ నెలలోనే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. నగదు పరిమితి దాటితే ఇన్‌కమ్ ట్యాక్స్ జరిమానా పడుతుంది తప్ప అప్పు అప్పు కాకుండా పోదు.

పాలమూరు అన్నా, నోటీసు వెనక్కి పంపితే కేసు పడదనే మాట నమ్మొద్దు. సరైన అడ్రసుకు వచ్చిన కవరు "తీసుకోలేదు" అని తిరిగిపోయినా అందినట్టే లెక్క. ఖాళీ చెక్కు మీద సంతకం మీదే అయితే, దాన్ని బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపాల్సింది మీరు. 2019లో బీర్ సింగ్ కేసులో మిగతాది వేరొకరు నింపినా అంతేనని చెప్పారు. ఇదంతా మీకు ఎదురు.

మీ వైపు ఉన్నది ఏమిటంటే ఆ లక్షా 20 వేలు. పైన నేను బత్తాయి తమ్ముడికి చెప్పిన రూలే మీకు పనికొస్తుంది. చెక్కు ఇచ్చాక కట్టిన సొమ్ము తీసేయకుండా, అప్పుకు మించి 5 లక్షలు వేసుకున్నాడని రికార్డుతో చూపొచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లోపు ఒక వకీలుతో జవాబు ఇప్పించండి. ఎప్పుడు ఎంత తీసుకున్నారు, ఎప్పుడు ఎంత కట్టారు, తేదీలతో సహా అందులో ఉండాలి. అప్పుడు నోరు మెదపకుండా ఉండి, విచారణలో మొదటిసారి ఈ మాట చెబితే కోర్టు నమ్మడం కష్టం.

పాలమూరు 509 | 28 సెప్టెంబర్

చేతికిచ్చిన డబ్బుల సంగతి?

కోర్టుగుమ్మం | 28 సెప్టెంబర్

ఇచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు, ఆ రోజు మీ ఖాతాలోంచి నగదు తీశారా, ఆ తర్వాత ఆయన మెసేజ్ ఏదైనా పెట్టాడా, ఇవి చూడాలి. కాగితాలు చూడకుండా ఇక్కడ చెప్పలేను.

బత్తాయి తోట | 7 అక్టోబర్

మేడం, మీరన్నట్టే ఇచ్చాడు. మా ఊరి పెద్దమనిషిని తీసుకుని పోయాం. అక్టోబర్ 6 తేదీతో 3 లక్షలకు కొత్త చెక్కు ఇచ్చి పాతది తీసుకున్నాడు. పాత చెక్కుకు, మెమోకు జిరాక్సులు తీసి పెట్టుకున్నాం. 60 వేలు ముట్టింది, మిగిలింది 3 లక్షలు అని తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఈ రోజు పొద్దున చెక్కు వేశాం. సాయంత్రానికే తిరిగొచ్చిందని నాన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఒక్క రోజులోనే ఎలా వచ్చింది?

పాత క్యాషియర్ | 7 అక్టోబర్

ఈ నెల 4 నుంచి క్లియరింగ్ మారింది. పొద్దున వేసిన చెక్కు అదే రోజు తేలిపోతుంది, బాగుంటే డబ్బు పడుతుంది, లేకుంటే తిరిగొస్తుంది. ఇదివరకటిలా రెండు రోజులు పట్టదు. బ్రాంచికి పోయి మెమో కాగితం, చెక్కు రెండూ తీసుకోండి. మెమో మీద బ్యాంకు ముద్ర, కారణం ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్నిసార్లు హడావిడిలో ముద్ర వేయకుండా ఇచ్చేస్తారు. ముద్ర ఉంటే ఆ కాగితాన్నే కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. బ్యాంకు వాళ్లు వచ్చి చెప్పాల్సిన పని మామూలుగా పడదు.

బత్తాయి తోట | 10 అక్టోబర్

మెమో ఈ రోజు చేతికొచ్చింది. కారణం ఫండ్స్ ఇన్‌సఫిషియంట్ అనే ఉంది, ముద్ర ఉంది. ఇప్పుడు 30 రోజులు మెసేజ్ వచ్చిన 7 నుంచా, మెమో వచ్చిన 10 నుంచా?

గంజ్ మల్లన్న | 10 అక్టోబర్

మెమో నుంచే. కాగితం లేకుండా నోటీసు ఎలా ఇస్తారు?

కోర్టుగుమ్మం | 10 అక్టోబర్

చట్టంలో ఉన్నది, చెక్కు తిరిగొచ్చిందన్న సమాచారం బ్యాంకు నుంచి అందిన రోజు నుంచి 30 రోజులు అని. ఆ సమాచారం కాగితమే కావాలని అక్కడ లేదు. మెసేజ్ కూడా బ్యాంకు పంపిందే కాబట్టి అవతలివాళ్లు 7 నుంచి లెక్క కట్టమని వాదించొచ్చు. మనం 10 నుంచి అని వాదించొచ్చు. ఆ వాదన మనకెందుకు? 7 నుంచి కడితే నవంబర్ 6 వరకు ఉంది. 10 నుంచి కడితే నవంబర్ 9, అది ఆదివారం. మన లెక్క ఎప్పుడూ ముందు తేదీ ప్రకారమే ఉండాలి. అసలు అంతదాకా ఆగొద్దు, వచ్చే వారమే పంపేయండి.

బత్తాయి తోట | 12 అక్టోబర్

మా ఊరి దగ్గర వకీలు సాబ్ నోటీసు తయారు చేశాడు. చెక్కు 3 లక్షలు, నెలకు రెండు రూపాయల వడ్డీ, లారీ కిరాయి, మేం తిరిగిన ఖర్చులు, అన్నీ కలిపి 3,41,000 పదిహేను రోజుల్లో కట్టాలని రాశాడు. ఇలా ఉంటేనే భయపడతాడని అంటున్నాడు.

కోర్టుగుమ్మం | 12 అక్టోబర్

పంపారా? పంపకపోతే ఆపండి.

నోటీసులో అడగాల్సింది చెక్కు మొత్తం. మూడు లక్షలంటే మూడు లక్షలే. వడ్డీ, ఖర్చులు అడగొద్దని కాదు, వాటిని వేరే పేరాలో, వేరే అంకెగా రాయాలి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా అడిగితే చెక్కు సొమ్ము ఎంత అడిగారో తేలదు, ఆ నోటీసు చెల్లదు. నోటీసు చెల్లకపోతే కేసే లేదు. ఈ సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. చెక్కు కోటి రూపాయలది. నోటీసులో రెండు కోట్లు అని పడింది. అది టైపింగ్ తప్పని చెప్పుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు, కేసు కొట్టేసింది. కోటి రూపాయల చెక్కుకే అలా అయింది.

నోటీసులో ఇవి కచ్చితంగా ఉండాలి: చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు, మొత్తం, ఎందుకు ఇచ్చాడు, ఏ రోజు వేస్తే ఏ కారణంతో తిరిగొచ్చింది. ఆ తర్వాత "చెక్కు మొత్తం 3,00,000 రూపాయలు ఈ నోటీసు అందిన 15 రోజుల్లోపు చెల్లించాలి" అనే వాక్యం. నోటీసు తేదీ నుంచి 15 రోజులు అని రాసేవాళ్లున్నారు. అందిన రోజు నుంచి అని రాయాలి. కాయ అమ్మిన సంగతి, ముట్టిన 60 వేల సంగతి కూడా దాచకుండా రాయించండి. చెక్కు ఎవరు రాశారు, అతని సొంత పేరా, దుకాణం పేరా?

బత్తాయి తోట | 12 అక్టోబర్

ట్రేడర్స్ అని దుకాణం పేరు ముద్ర ఉంది, కింద ప్రొప్రైటర్ అని ఆయన సంతకం. నోటీసు ఇంకా పంపలేదు, మార్పించుతాను.

కోర్టుగుమ్మం | 12 అక్టోబర్

అయితే రెండు పేర్లూ రాసి, దుకాణం అడ్రసుకు ఒకటి, ఇంటి అడ్రసుకు ఒకటి పంపండి. రిజిస్టర్డ్ పోస్ట్ ఈ ఏడాదే స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది. స్పీడ్ పోస్ట్‌లోనే రిజిస్ట్రేషన్ అడగండి. రసీదులు పారేయొద్దు, వాటి అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి, ఆ రోజే ఫొటో తీసుకోండి. ట్రాకింగ్‌లో డెలివరీ అయిన తేదీ కనపడగానే ఆ పేజీ కూడా ప్రింటు తీయండి. 15 రోజుల లెక్క ఆ తేదీ మీదే ఆధారపడుతుంది.

దేవరకొండ టీచర్ | 13 అక్టోబర్

వాట్సాప్‌లో పంపితే చాలదా? నీలం టిక్కులు పడితే చూసినట్టే కదా.

కోర్టుగుమ్మం | 13 అక్టోబర్

కొన్ని హైకోర్టులు ఒప్పుకున్నాయి. అయినా ఆ ఒక్కదాని మీద ఆధారపడి మూడు లక్షల కేసు పెట్టను. పోస్టులో పంపి, అదే కాపీ వాట్సాప్‌లో కూడా పంపితే మంచిదే.

బత్తాయి తోట | 20 అక్టోబర్

15న పంపాం. దుకాణం అడ్రసుకు పోయింది 18న డెలివరీ అయింది. ఇంటిది తలుపు తాళం అని చూపిస్తోంది. మా వకీలు సాబ్ ఈ నెల 30న కేసు వేసేద్దాం, ఆలస్యం ఎందుకు అంటున్నాడు. నిజానికి మాకూ తొందరగానే ఉంది.

కోర్టుగుమ్మం | 20 అక్టోబర్

30న వేస్తే అది కేసు కాదు. అతనికి చట్టం 15 రోజులు ఇచ్చింది. అవి ముగిసేదాకా నేరమే పుట్టదు. 2014లో యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. 15 రోజులు నిండకముందు వేసిన ఫిర్యాదును తర్వాత కాలం గడిచినా కోర్టు విచారణకు తీసుకోకూడదు. మళ్లీ కొత్తగా వేసుకోవాలి.

మీ లెక్క ఇలా కట్టండి. అందిన రోజు 18ని వదిలేయాలి. 19 ఒకటో రోజు, నవంబర్ 2 పదిహేనో రోజు. 2వ తేదీ రాత్రి దాకా అతను కట్టొచ్చు. అది ఆదివారమే అయినా ఫోన్‌పే పని చేస్తుంది కదా. కట్టకపోతే నవంబర్ 3న మీకు కేసు వేసే హక్కు పుడుతుంది. అక్కడి నుంచి ఒక నెల. ఇక్కడ చట్టం 30 రోజులు అనలేదు, నెల అంది. మొదలైన రోజును లెక్కలోంచి తీసేస్తే డిసెంబర్ 3 ఆఖరు రోజు. నోటీసుకు 30 రోజులు, కేసుకు నెల, ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఒక్క రోజు తేడాతో దెబ్బతిన్న ఫైళ్లు చూశాను.

ఇంటి అడ్రసు కవరు తిరిగొస్తే విప్పకుండా అలాగే ఉంచండి.

పాత క్యాషియర్ | 20 అక్టోబర్

డిసెంబర్ 3 దాటితే ఇక దారే లేదా మేడం? ఒకాయన ఆస్పత్రిలో పడి గడువు దాటించుకున్నాడు, నాకు తెలిసినవాడు.

కోర్టుగుమ్మం | 20 అక్టోబర్

ఉంది. కేసు వేయడంలో ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు, ఆస్పత్రి కాగితాలుంటే వింటారు. దానికి వేరే పిటిషన్ వేయాలి, అవతలివాళ్లకు వాదించే అవకాశం ఇస్తారు. కానీ నోటీసుకున్న 30 రోజులకు ఇలాంటి మన్నింపు చట్టంలో లేదు. అది దాటితే చెక్కు చెల్లుబాటు మిగిలి ఉంటేనే మళ్లీ వేసి మెమో తెచ్చుకోవడం, లేదంటే సివిల్ దావా.

దేవరకొండ టీచర్ | 22 అక్టోబర్

నేను ఒకటి చెప్పాలి, భయపెట్టడానికి కాదు. నాది 2021లో వేసిన కేసు. ఇంటి స్థలం అడ్వాన్సు వెనక్కి రాకపోతే వేశాను. ఇప్పటికీ నడుస్తోంది. సమన్లు అందడానికే ఏడాదిన్నర పట్టింది. ఆరు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉందని మా వకీలు చెప్పేవాడు. తమ్ముడూ, అతను రెండున్నర లక్షలిస్తానన్నా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకో.

గంజ్ మల్లన్న | 22 అక్టోబర్

నేను ఒప్పుకోను టీచర్ గారూ. రైతు కాయ పెంచి, కోసి, లారీ ఎక్కించి ఇస్తే అందులో యాభై వేలు వదులుకోవాలా? ఇలా వదిలేస్తూ పోతే మార్కెట్‌లో చెక్కుకు విలువేముంటుంది? నేను అమ్మేవాళ్ల తరఫున ఉండేవాణ్ని. అసలుకు అసలు రావాల్సిందే.

కోర్టుగుమ్మం | 23 అక్టోబర్

ఇద్దరి మాటలోనూ బలం ఉంది, అది వాళ్ల నాన్న తేల్చుకోవాల్సింది. నేను చెప్పగలిగింది కోర్టు చేతిలో ఏముందో. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. జరిమానాలోంచే మీకు పరిహారం ఇప్పిస్తారు. కేసు నడుస్తుండగానే, అతను నేరం ఒప్పుకోనన్నాక, చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం అడగొచ్చు. మీకైతే 60 వేల వరకు. ఇది తప్పక ఇవ్వాలని లేదు, జడ్జి గారి విచక్షణ. టీచర్ గారూ, మీది 2018 తర్వాతి కేసే, ఆ పిటిషన్ వేశారా?

దేవరకొండ టీచర్ | 23 అక్టోబర్

లేదు మేడం. ఎవరూ చెప్పలేదు. రేపే అడుగుతాను.

బత్తాయి తోట | 6 నవంబర్

15 రోజులు అయిపోయాయి, పైసా రాలేదు. ఇంటి అడ్రసు కవరు తిరిగొచ్చింది, విప్పలేదు. నాన్న సంతకాలు పెట్టాడు. చెక్కు, మెమో, నోటీసు ఆఫీసు కాపీ, పోస్టు రసీదులు, ట్రాకింగ్ ప్రింటు, కాయ తూకం చిట్టీలు, ఇద్దరూ సంతకాలు పెట్టిన తెల్లకాగితం, ఫోన్‌పే రికార్డు ఇచ్చాం. వచ్చే వారం నల్గొండ కోర్టులో వేస్తున్నారు.

నిన్న రాత్రి వ్యాపారి ఫోన్ చేశాడు. ఇప్పుడు లక్ష ఇస్తా, మిగతాది సంక్రాంతికి, కేసు వేయొద్దు అంటున్నాడు. గడువు అయిపోయాక ఇప్పుడు లక్ష తీసుకుంటే ముందులాగే కేసు పోతుందా?

కోర్టుగుమ్మం | 6 నవంబర్

పోదు. అప్పుడు చెక్కు మళ్లీ బ్యాంకులో వేయకముందు ముట్టింది, అందుకే చిక్కొచ్చింది. ఇప్పుడు చెక్కు తిరిగొచ్చి, నోటీసు అంది, 15 రోజులూ దాటాయి. నేరం అప్పటికే పూర్తయింది. లక్ష ఇస్తే తీసుకోండి, ఖాతాకే వేయమనండి, ముట్టిన సంగతి ఫిర్యాదులో రాయించండి. కానీ సంక్రాంతి దాకా కేసు వేయకుండా ఆగితే డిసెంబర్ 3 దాటిపోతుంది. వేసి ఉంచండి. పూర్తిగా కట్టిన రోజు కోర్టులోనే రాజీ నమోదు చేసి కేసు మూసుకోవచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది.

బత్తాయి తోట | 6 నవంబర్

సరే మేడం. అదే మాట ఫోన్‌లో చెప్పాను. ఆలోచించి చెప్తా అన్నాడు. సోమవారం వేస్తున్నాం.